మీకు తెలుసా? నాలుగేళ్ల లెక్కలో పాత కారు, కొత్త కారు

మోటారు బీమాలో కారుకు ఆనాటి విలువగా లెక్కించే మొత్తాన్ని ఐడీవీ అంటారు. మన దేశపు తరుగుదల పట్టిక ప్రకారం అది తొలి ఆరు నెలల్లోనే 5 శాతం, నాలుగో ఏటికి 40 శాతం తగ్గుతుంది. చెన్నైలో 8 లక్షల రూపాయల షోరూం ధర గల కొత్త కారు అమ్మకపు ధర కూడా ఇలాగే తగ్గుతుందనుకుంటే, నాలుగేళ్లలో 3.20 లక్షలు కరిగిపోతాయి. జీవితకాల రహదారి పన్ను దీనికి అదనం. అదే కారును నాలుగేళ్ల వయసులో 4.80 లక్షలకు కొని, మరో నాలుగేళ్లకు 2.80 లక్షలకు అమ్మగలిగితే నష్టం 2 లక్షలే.

మిగిలే 1.20 లక్షల్లోంచే టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్పించాలి. పాత కారుకు బీమా ప్రీమియం తక్కువే అయినా, విడిభాగాల తరుగుదలను కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ రక్షణ ఐదేళ్లు దాటిన కార్లకు తరచుగా దొరకదు. క్లెయిమ్ చేయనందుకు లభించే బోనస్ కూడా పాత యజమానితోనే పోతుంది.

2015, 2023 డిసెంబరు వరదలను చూసిన చెన్నైలో అసలు ప్రమాదం నీట మునిగిన కారే, ఎందుకంటే ఇంజనులోకి నీరు చేరితే ఆ మిగులంతా ఒక్క మరమ్మతుకే పోవచ్చు. సీటుబెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చార, సీటు పట్టాల బోల్టుల తుప్పు, తివాచీ అడుగున చెమ్మ వాసన దాన్ని పట్టిస్తాయి.