సూదిమందు వేస్తున్నా రక్తం ఎందుకు పట్టదు?

“సూదులేసుకుంతన్నాను గానీ రగతం పట్టట్నేదు బాబూ.” శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు డయాలసిస్ గదుల్లో వినిపించే మాట ఇది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లోని జీడి, కొబ్బరి తోటల ఊళ్లను ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. షుగరు లేనివాళ్లకూ వస్తోంది. చాలామందికి మొదట కనిపించేది కాళ్లవాపు కాదు, నీరసం. పొలానికి నడిచి వెళ్లేసరికే ఆయాసం, పాలిపోయిన కళ్లు.

అలాంటి ఒక రైతు రిపోర్టును ముందు పెట్టుకుందాం. ఈయన ఒక్క మనిషి కాదు, చాలామంది రిపోర్టులను కలిపి అల్లిన మనిషి. వయసు 50, బరువు 55 కిలోలు, వారానికి రెండు డయాలసిస్‌లు. హిమోగ్లోబిన్ 7.9. ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్ 4,000 యూనిట్లు వారానికి రెండుసార్లు వేస్తుంటే పెరగలేదని మూడుకు పెంచారు. రెండు నెలలైనా అంకె కదల్లేదు.

ఈ మందు ఎక్కడిదో తెలిస్తే అది ఎందుకు పనిచేయడం లేదో వెతకడం తేలిక. రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్టు కనిపెట్టి, ఎర్రకణాలు తయారు చేయమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోన్ ఎరిత్రోపోయిటిన్. పెద్దవాళ్లలో దీన్ని దాదాపు అంతా కిడ్నీలే తయారు చేస్తాయి. కిడ్నీ పాడైతే వడపోతతో పాటు ఈ కబురూ ఆగిపోతుంది. డయాలసిస్ మిషన్ వడపోయగలదు గానీ హార్మోన్‌ను తయారు చేయలేదు. రక్తంలో ఇది ఉండేది అతి స్వల్పం. 1977లో అమెరికాలో యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం దీన్ని శుద్ధి చేయడానికి జపాన్‌లోని రక్తహీనత రోగుల నుంచి తకాజి మియాకే సేకరించిన 2,550 లీటర్ల మూత్రం వాడింది. చివరికి చేతికొచ్చింది మిల్లీగ్రాముల లెక్కే. ఆ పిసరంత పదార్థమే దారి చూపింది. కొన్నేళ్లకు దాని జన్యువు దొరికింది, 1989లో అమెరికాలో మందుకు అనుమతి వచ్చింది. అంతకు ముందు డయాలసిస్ రోగులకు పదే పదే రక్తం ఎక్కించడమే గతి. దాంతో ఒంట్లో ఇనుము పేరుకునేది, హెపటైటిస్ సోకేది, పరాయి రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టమయ్యేది. ఈ చివరి కారణం వల్లే ఇవాళ్టికీ, మార్పిడి ఆశ ఉన్నవాళ్లకు రక్తం ఎక్కించడానికి డాక్టర్లు వెనకాడతారు.

మన రైతు సంగతికొద్దాం. మందు మజ్జకు కబురు మాత్రమే చేరవేస్తుంది. కణం తయారు కావాలంటే ఇనుము ఉండాలి. అందుకే మొదట చూడాల్సినవి రెండు అంకెలు. ఫెరిటిన్ 180, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 14 శాతం. ఫెరిటిన్ 180 పక్కన ల్యాబు కాగితం ‘నార్మల్’ అని రాసింది. నన్నడిగితే ఈ రిపోర్టులో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే మాట అదే. ఆ హద్దులు ఆరోగ్యవంతులవి. డయాలసిస్ చేయించుకునేవారిలో శాచురేషన్ 20 లోపు, ఫెరిటిన్ 200 లోపు ఉంటే ఇనుము లేదనే అర్థం. ఫెరిటిన్ 600 ఉండి శాచురేషన్ 14 ఉన్నవాళ్లూ ఉంటారు. అది గోదాములో ధాన్యం నిండుగా ఉండి తలుపుకు తాళం వేసి ఉండటం లాంటిది. తాళం వేసేది హెప్సిడిన్ అనే పదార్థం. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉంటే, ముఖ్యంగా మెడలో పెట్టిన డయాలసిస్ కాథెటర్ దగ్గర ఉంటే, అది పెరుగుతుంది. అప్పుడు ముందు ఇన్ఫెక్షన్ సంగతి చూడాలి.

మన రైతుకు ఇన్ఫెక్షన్ లేదు, చేతికి ఫిస్టులా ఉంది. ఇనుమే లేదు. మిషన్ గొట్టాల్లో మిగిలిపోయే రక్తం, పరీక్షలకు తీసే రక్తం కలిపి డయాలసిస్ రోగి ఏడాదికి ఒకటి నుంచి మూడు గ్రాముల ఇనుము పోగొట్టుకుంటాడు. హెప్సిడిన్ పేగుల దగ్గరా అడ్డుపడుతుంది కనుక మాత్రలు మింగి ఆ లోటు పూడ్చడం కష్టం. అందుకని డయాలసిస్ సమయంలోనే ఐరన్ సుక్రోజ్ 100 మిల్లీగ్రాముల చొప్పున పది విడతలు నరంలోకి ఎక్కించారు. ఇంజక్షన్ వయల్‌ను ఇంట్లో ఎక్కడ పెడుతున్నారని కూడా అడిగారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కట్టినా చెడుతుంది, ఎండలో బస్సులో తెచ్చినా చెడుతుంది. హిమోగ్లోబిన్ 9.2కి వచ్చింది. అక్కడ మళ్లీ ఆగిపోయింది.

ఇక్కడి నుంచి రక్తం కథ ఎముకల్లోకి వెళుతుంది. రిపోర్టు రెండో పేజీలో ఫాస్ఫరస్ 7.4, కాల్షియం 8.2, పారాథైరాయిడ్ హార్మోన్ 1,100. ఆ హార్మోన్ మామూలుగా 65 లోపు ఉంటుంది. డయాలసిస్ రోగుల్లో దానికి రెండు నుంచి తొమ్మిది రెట్ల వరకు, అంటే దాదాపు 600 దాకా, సహిస్తారు. ఈయనకు మోకాళ్లు, నడుము నొప్పులు, రాత్రంతా దురద. వాటిని వయసు మీద తోసేశారు.

ఇది మొదలయ్యేది ఫాస్ఫేట్‌తో. తిండిలో వచ్చే ఫాస్ఫేట్‌లో మిగిలినదాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలు. అవి నీరసించిన తొలి దశలోనే ఎముక కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ వదిలి, మిగిలిన కిడ్నీ చేత ఎక్కువ పని చేయిస్తాయి. కొన్నేళ్లు రక్తంలో ఫాస్ఫరస్ మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఆ హార్మోన్ మరో పని కూడా చేస్తుంది, విటమిన్ డి పదును తగ్గిస్తుంది. ఎండ వల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ డి నేరుగా పనికిరాదు. కాలేయంలో ఒకసారి, కిడ్నీలో మరోసారి మారితేనే కాల్సిట్రయాల్ అనే అసలు హార్మోన్ అవుతుంది. అది తగ్గితే పేగులు కాల్షియాన్ని సరిగా గుంజుకోలేవు. రక్తంలో కాల్షియం పడిపోతుంటే మెడలోని నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఊరుకోవు, ఎముకలను కరిగించి కాల్షియం తెస్తాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఎముక గుల్లబారుతుంది, లోపలి మజ్జ చోట నారలాంటి కణజాలం పేరుకుంటుంది. మజ్జే ఎర్రకణాల కార్ఖానా. అది నారబారితే ఎరిత్రోపోయిటిన్ కబురు విని పనిచేసేవాళ్లే ఉండరు. ఈ రైతు హిమోగ్లోబిన్ 9.2 దగ్గర ఆగింది ఇందుకే. మోతాదు ఇంకా పెంచితే ఒరిగేది లేకపోగా బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు ఫాస్ఫేట్ లెక్క చూద్దాం. రోజుకు 900 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తింటే అందులో సుమారు 60 శాతం ఒంటికి పడుతుంది. వారానికి 3,800 దాకా. ఒక్కో డయాలసిస్ తీసేది సుమారు 800. రెండిటికి 1,600. ఈయనకు మూత్రం దాదాపు ఆగిపోయింది కనుక వారానికి 2,200 మిల్లీగ్రాములు లోపలే ఉండిపోతోంది. అది ఎముకల దగ్గరే ఆగదు, కాల్షియంతో కలిసి రక్తనాళాల గోడల్లో సున్నంలా పేరుకుంటుంది. గుండెకు ముప్పు అక్కడి నుంచే.

ఫాస్ఫేట్ బైండర్ మాత్రలు ఇచ్చేది ఇందుకు. రక్తంలో ఉన్న ఫాస్ఫేట్‌ను అవి ఏమీ చేయలేవు. పేగులో, అన్నంతో పాటు ఉన్నదాన్ని పట్టుకుని మలంతో పంపేస్తాయి. కాబట్టి తినేటప్పుడు వేసుకుంటేనే ఫలితం. మన రైతు రాత్రి పడుకునే ముందు మిగతా మందులతో పాటు సెవలమర్ మాత్రలు మింగుతున్నాడు. డబ్బు పోయింది, ఫాస్ఫేట్ పోలేదు. మరోమాట, 800 మిల్లీగ్రాముల సెవలమర్ మాత్ర ఒక్కటి పట్టుకునేది 25 నుంచి 30 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ మాత్రమే. మూడు పూటలా భోజనం మధ్యలో రెండేసి వేసుకుంటే వారానికి 1,100. అంటే లోటులో సగం. మూడో డయాలసిస్ చేర్చితే ఇంకో 800. తిండిలో రోజుకు 100 తగ్గిస్తే వారానికి మరో 400. అప్పుడుగానీ లెక్క సరిపోదు. మాత్రల మీదే భారం వేసి పెద్దగా ఫలితం ఆశించకూడదని అందుకే అంటాను.

చవకగా దొరికే బైండర్ కాల్షియం అసిటేట్. బాగానే పనిచేస్తుంది గానీ, మోతాదు పెరిగితే కాల్షియం కూడా ఒంట్లో చేరి నాళాల్లో పేరుకుంటుందనే భయం. ఒకప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ వాడేవాళ్లు. 1970లలో డయాలసిస్ రోగుల్లో మతిభ్రమణం, ఎముకల జబ్బు, రక్తహీనత చూసి, కారణం అల్యూమినియమని తేలాక మానేశారు. కొన్ని అసిడిటీ సిరప్‌లలో అది ఇప్పటికీ ఉంది. కడుపులో మంట అంటూ మందుల షాపులో అడిగి తాగేవాళ్లు సీసా మీద ఆ పేరు చదువుకోవాలి.

తిండి విషయంలో కంది, పెసరపప్పులను చూసి హడలిపోనక్కర్లేదు. గింజల్లోని ఫాస్ఫేట్ ఫైటేట్ రూపంలో ఉంటుంది, సగం కూడా ఒంటికి పట్టదు. మాంసం, పాలలోది అంతకంటే ఎక్కువ పడుతుంది. ముల్లుతో సహా తినే ఎండుచేపల్లో అది చాలా ఎక్కువ. కోలా కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి, ప్రాసెస్ చేసిన చీజుల్లో కలిపే ఫాస్ఫేట్ లవణాలైతే దాదాపు పూర్తిగా ఎక్కేస్తాయి. ఫాస్ఫరస్ ఎంతో ప్యాకెట్ మీద రాయరు. పదార్థాల జాబితాలో INS 338 నుంచి 341, 450 నుంచి 452 అంకెలు కనిపిస్తే అదే.

ఇక విటమిన్ డి. ఈయన వారానికోసారి 60,000 యూనిట్ల సాచెట్ పాలల్లో కలుపుకుని తాగుతున్నాడు. “డి వేసుకుంటున్నాను కదా” అని ధీమా. సాచెట్‌లో ఉన్నది ముడి విటమిన్ మాత్రమే. నిల్వలు తగ్గితే అది అవసరమే, కానీ దాన్ని హార్మోన్‌గా మార్చాల్సిన కిడ్నీ పాడైంది. ఈయనకు కావాల్సింది తయారైన కాల్సిట్రయాల్, 0.25 మైక్రోగ్రాముల గుళిక. అయితే డాక్టరు దాన్ని వెంటనే రాయలేదు. కాల్సిట్రయాల్ పేగు నుంచి కాల్షియంతో పాటు ఫాస్ఫేట్‌నూ గుంజుతుంది. 7.4 ఉన్నప్పుడు ఇస్తే మంటలో నెయ్యి పోసినట్టే. మాత్రలను భోజనం మధ్యకు మార్చి, మూడో డయాలసిస్ చేర్చి, ఫాస్ఫరస్ 5.4కి దిగాకే మొదలుపెట్టారు. కాల్షియం ఎక్కువ కాకుండా కొన్ని వారాలకోసారి పరీక్ష. దానికీ గ్రంథులు లొంగకపోతే సినాకాల్సెట్ అనే మాత్ర ఉంది. అదీ చాలకపోతే ఆపరేషన్ చేసి గ్రంథులు తీసేస్తారు. ఈయనకు అంతదాకా రాలేదు. ఆర్నెల్లకు పారాథైరాయిడ్ హార్మోన్ 520కి దిగింది. ఇంజక్షన్ మళ్లీ వారానికి రెండుకు తగ్గించినా హిమోగ్లోబిన్ 10.8 అయింది.

“అందరికీ 14 ఉంటది గదా బాబూ, నాకూ సెయ్యండి” అని అడిగాడట. చేయరు. 2006, 2009లో వెలువడ్డ పెద్ద అధ్యయనాల్లో ఈ మందుతో హిమోగ్లోబిన్‌ను 13 ఆపైకి తీసుకెళ్లాలని చూస్తే ముప్పు పెరిగింది. 4,000 మందికి పైగా షుగరు రోగులతో చేసిన 2009 నాటి ట్రీట్ అధ్యయనంలో పక్షవాతం దాదాపు రెట్టింపైంది. అందుకే 10 నుంచి 11.5 మధ్య ఉంచుతారు. నెలకు ఒకటి రెండు గ్రాములకు మించి పెరగనివ్వరు. ఇంజక్షన్ బదులు మింగే డెసిడుస్టాట్ మాత్రకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. దానికీ ఇనుము కావాలి, హద్దులూ ఇవే. అంకె 11.5 దాటబోతే మోతాదు తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపరు. ఆపితే అంకె నెలల్లోనే మళ్లీ కిందికి జారుతుంది.