డబ్బు కట్ అయింది, స్లిప్పు రాలేదు.. ఏం చేయాలి?

నాగిరెడ్డిపేటలో ఎరువుల దుకాణంలో రూపే కార్డుతో యూరియా కొన్నారనుకుందాం. మీరు నొక్కిన పిన్‌ను స్వైపింగ్ మిషన్ లోపలే రహస్య సంకేతంగా మార్చేస్తుంది. దుకాణదారుకు కూడా అది కనిపించదు. మిషన్‌లోని సిమ్ ద్వారా ఆ సమాచారం దుకాణదారు బ్యాంకుకు, అక్కడి నుంచి రూపే నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకుకు చేరుతుంది. మీ బ్యాంకు పిన్, నిల్వ సరిచూసి, ఖాతాలో డబ్బు తగ్గించి ఆమోద కోడ్ పంపుతుంది. స్లిప్పుపై APPR CODE పక్కన ఉండేది అదే.

ఆ కోడ్ తిరిగొచ్చేలోపు సిగ్నల్ పోతే మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది గానీ స్లిప్పు రాదు. దుకాణదారును అని లాభం లేదు, ఆయనకూ డబ్బు చేరలేదు. మెసేజ్ దాచుకోండి. రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం 5 రోజుల్లో డబ్బు దానంతటదే ఖాతాలోకి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి.