రోస్టర్ వేయకముందే ఇవ్వవలసిన లేఖ

వార్డులో వచ్చే నెల డ్యూటీ రోస్టర్ చాలాచోట్ల ఈ నెల ఆఖరి వారంలోనే సిద్ధమవుతుంది. నైట్లు చేసినవాళ్లకు ఆఫ్‌లు, పెళ్లికని సెలవు అడిగినవాళ్లు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు, అందరినీ చూసుకుని ఇన్‌ఛార్జి సిస్టర్ గళ్లు నింపుతుంది. అంతా అయ్యాక ఒక పేరు కొట్టేయాల్సి వస్తే ఆ షిఫ్టులన్నీ మిగిలినవాళ్ల మీద పడతాయి. ఐసీయూలో ఇంకా కష్టం. వెంటిలేటర్ మీదున్న రోగి దగ్గర ఒక నర్సు విడిగా ఉండాలి. మనిషి తగ్గితే ఒకరే ఇద్దరిని చూడాలి, లేదంటే ఎవరో ఒకరు డబుల్ డ్యూటీ చేయాలి. అందుకే పైచదువుకు వెళ్లే నర్సు రాసే రాజీనామా లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి పనిదినం ఏదో చెప్పే వాక్యం. ఆ తేదీ ఎలా తేలుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సు ఉందనుకుందాం. బీఎస్సీ నర్సింగ్ చదివింది, ఇప్పుడు ఎమ్మెస్సీ చేయాలనుకుంటోంది. అది రెండేళ్ల కోర్సు. బీఎస్సీ అయ్యాక కనీసం ఏడాది పనిచేసిన అనుభవం ఉంటేనే సీటుకు అర్హత. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే, దరఖాస్తు కోసం ఆసుపత్రి నుంచి సర్వీసు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ కాగితం ఎందుకని సూపరింటెండెంట్ ఎలాగూ అడుగుతారు. ఆ రోజే ఉన్నమాట చెప్పడం మంచిది: ‘మేడమ్, ఎమ్మెస్సీకి అప్లై చేస్తున్నాను, సీటు వస్తే వెళ్లిపోతాను.’ దాచిపెడితే ఆ సంగతి క్యాంటీన్‌లో ఇంకొకరి నోట వినాల్సి వస్తుంది, అది ఆమెకు చాలా బాధగా ఉంటుంది.

నోటితో ఎంత ముందు చెప్పినా లేఖ మాత్రం సీటు ఖాయమయ్యాకే ఇవ్వాలి. ఆసుపత్రి ఒకసారి ఆమోదించాక రాజీనామాను వెనక్కి తీసుకోవడం వాళ్లు ఒప్పుకుంటేనే కుదురుతుంది.

ఆగస్టు 10న సీటు వచ్చింది, సెప్టెంబరు 16లోగా కాలేజీలో చేరాలి అనుకుందాం. నియామక పత్రంలో నెల రోజుల నోటీసు అని ఉంది. మర్నాడే, అంటే 11న లేఖ ఇస్తే సెప్టెంబరు 10తో నోటీసు పూర్తవుతుంది. ఆమె మాత్రం చివరి పనిదినం 12 అని రాసింది. నోటీసును లేఖ అందిన రోజు నుంచి లెక్కపెట్టడం మామూలు. సూపరింటెండెంట్ ఆ రోజు సెలవులో ఉండి లేఖ ఒకరోజు ఆలస్యంగా అందినా లెక్క తప్పకుండా ఆ రెండు రోజులు కాపాడతాయి. కాలేజీకి వెళ్లేలోపు కాగితాలు సర్దుకోవడానికి ఇంకా మూడు రోజులు మిగులుతాయి. సెప్టెంబరు రోస్టర్ ఇంకా వేయలేదు గనుక ఆమె పేరు ఎక్కడిదాకా రాయాలో ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ముందే తెలిసింది. నోటీసు మర్యాదగా ఉండడమంటే నా దృష్టిలో ఇదే.

లేఖ ఇలా ఉంటే సరిపోతుంది:

‘నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

విషయం: ఉన్నత చదువు కోసం రాజీనామా.

గౌరవనీయులైన మేడమ్, మూడేళ్లుగా నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో నాకు సీటు వచ్చింది. సెప్టెంబరు 16లోగా చేరవలసి ఉన్నందున ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం నెల రోజుల నోటీసు ఆగస్టు 11న మొదలవుతుంది. సెప్టెంబరు 12 నా చివరి పనిదినం. అప్పటివరకు నన్ను నైట్లతో సహా ఏ షిఫ్టుకైనా వేయవచ్చు. నేను చూస్తున్న ఎమర్జెన్సీ ట్రాలీని, మందుల స్టాకు రిజిస్టర్‌ను మీరు చెప్పిన సిస్టర్‌కు అప్పగిస్తాను. వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకోవడం నేను ఈ ఐసీయూలోనే నేర్చుకున్నాను. ఓపికగా నేర్పిన ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, మీకు కృతజ్ఞతలు. చివరి రోజున రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పించగలరని కోరుతున్నాను.’

ఇంతే. కారణం ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇంటి పరిస్థితులు, ఫీజు కష్టాలు ఇందులో అక్కర్లేదు. కృతజ్ఞత కూడా ఎదురుగా కనిపించే ఒక సంగతిని పట్టుకుని చెప్పింది కాబట్టి చదివినవాళ్లు నమ్ముతారు. నైట్ అలవెన్సు సరిగా రాలేదన్న ఫిర్యాదు ఉంటే వెళ్లేముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు చెప్పాలి. రోగి భద్రతకు సంబంధించినదైతే రాజీనామా దాకా ఆగకూడదు, అప్పటికప్పుడే ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. లేఖను రెండు ప్రతులు తీసి, రెండో దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. హెచ్‌ఆర్‌కు మెయిల్‌లోనూ పంపితే ఇంకా మంచిది. ఉద్యోగంలో చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రికి ఇచ్చి ఉంటే వాటిని తిరిగి ఇమ్మన్న మాట కూడా చేర్చాలి. కాలేజీలో అడిగేది వాటినే.

కౌన్సెలింగ్ వారం రోజులే గడువిస్తే నెల నోటీసు కుదరదు. అప్పుడు నియామక పత్రం మళ్లీ తీసి చదవాలి. తక్కువపడిన రోజులకు జీతం కట్టి వెళ్లే వీలు చాలా పత్రాల్లో ఉంటుంది. మిగిలిన సెలవులను నోటీసులో సర్దుతారేమో లేఖలోనే అడగవచ్చు. ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో రెగ్యులర్ ఉద్యోగులైతే, రాజీనామా ఆలోచన చేసేముందు స్టడీ లీవు వస్తుందేమో కనుక్కోవాలి.

ఇక నోటీసు రోజుల సంగతి. షిఫ్టు మారేటప్పుడు రోగిని అప్పగించడం నర్సుకు రోజూ ఉండేదే. వెళ్లిపోయేటప్పుడు అప్పగించేవి వేరు. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మందుల ఆంప్యూళ్లను కొత్త సిస్టర్ ముందే లెక్కపెట్టి, రిజిస్టర్‌తో సరిచూసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. తర్వాత ఎప్పుడో ఒక ఆంప్యూల్ తగ్గినా, ఆమె వెళ్లేనాటికి లెక్క సరిగానే ఉందని ఆ సంతకాలు చెబుతాయి. ఎమర్జెన్సీ ట్రాలీలో ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందులేవో, లారింగోస్కోపు బల్బు వెలుగుతోందో లేదో కూడా పక్కన నిలబడి చూపించాలి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో తన లాగిన్ మూయించడం చాలామందికి గుర్తుండదు. పాస్‌వర్డ్ వార్డులో అందరికీ తెలిసి ఉంటే, ఆమె వెళ్లిపోయాక కూడా రోగి రికార్డులో ఆమె పేరుతోనే ఎంట్రీలు పడుతుంటాయి.

సీటు వచ్చిన సంతోషంలో చెప్పకుండా డ్యూటీ మానేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఫైల్లో చెప్పకుండా వెళ్లిపోయినట్టు రాస్తారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఆగిపోతుంది. రెండేళ్ల చదువులో అది అంతగా తెలియదు. ఎమ్మెస్సీ అయ్యాక గల్ఫ్ ఉద్యోగానికి ప్రయత్నించినప్పుడు తెలుస్తుంది. అక్కడి లైసెన్సు కోసం డేటాఫ్లో అనే సంస్థ అనుభవ పత్రాన్ని పాత ఆసుపత్రికే పంపి, ఈమె ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేసిందా అని అడుగుతుంది.

సరిగ్గా నోటీసు ఇచ్చి వచ్చినవాళ్లకూ తేదీల్లో తేడా ఉంటే చిక్కే. రిలీవింగ్ లెటర్‌లో 12 అని, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో 10 అని పడితే ఆసుపత్రి ఏది సరైనదని చెప్పాలి? అందుకని రెండు కాగితాలూ చేతికి అందగానే పక్కపక్కన పెట్టి చూడాలి. పేరు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉందా, హోదా, విభాగం, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, సంతకం, ముద్ర సరిగా ఉన్నాయా అని సరిచూసుకోవాలి. తప్పుంటే ఆ రోజే దిద్దించుకోవాలి. రెండేళ్ల తర్వాత వెళ్లి అడిగితే, అప్పుడు సంతకం పెట్టినవాళ్లు అక్కడ ఉంటారన్న నమ్మకం లేదు.