మన క్షేత్రకథతో బిడ్డకు తెలుగు మాట

విదేశంలో స్థిరపడిన ఒక భక్తురాలు శ్రీ బాలా త్రిపురసుందరీ అమ్మవారి దర్శనానంతరం నన్నొక కోరిక కోరారు. వారి ఆరేళ్ల కుమారుడు తెలుగు వింటే గ్రహిస్తాడట గాని, మారుమాట ఇంగ్లీషులోనే చెబుతాడట. వానికి తేలిక మాటలు, కథలు వ్రాసి ఇమ్మన్నారు. ఇదే అవసరం మరికొందరు భక్తులకూ ఉంటుంది గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

పాలు, అన్నం, కుర్చీ వంటి పేర్లన్నీ ఆ బాలునికి తెలుసు. లోటు క్రియల్లో ఉన్నది. మనం పిల్లలతో ఎక్కువగా ‘రా, తిను, పడుకో’ అంటాం. దానికి బిడ్డ చేయవలసినది పనే గాని, పలకవలసిన మాట లేదు. అందుచేత ‘తిను’ తెలిసిన బిడ్డకు ‘తిన్నాను’ అనడం రాదు. అటువంటి క్రియలు కథలో దొరుకుతాయి.

మన త్రిపురాంతకేశ్వరుని కథే తీసుకుందాం. తారకాసురుని ముగ్గురు కుమారులకు బంగారు, వెండి, ఇనుప పురాలు మూడు. అవి ఒక్క వరుసలోకి వచ్చిన క్షణాన స్వామి ఒకే బాణంతో వాటిని దహించాడు. బిడ్డకు ఇలా చెప్పండి: ‘మూడు ఊళ్లు. ఒకటి బంగారం, ఒకటి వెండి, ఒకటి ఇనుము. రాక్షసులు వచ్చారు. శివుడు వచ్చాడు. బాణం వచ్చింది. మూడు ఊళ్లూ కాలిపోయాయి.’

ఒకే క్రియ మూడు రూపాల్లో వచ్చింది. ఇంగ్లీషులో ఈ మూడింటికీ ఒకే రూపం. కనుక బిడ్డ ‘శివుడు వచ్చింది’ అంటాడు, లేదా ‘శివుడు కమ్ చేశాడు’ అంటాడు. తప్పని ఆపకండి. ‘అవును, శివుడు వచ్చాడు’ అని కథ సాగించండి. (స్వామిని ఏకవచనంలో అనడానికి పెద్దలు కొందరు సంకోచిస్తారు. కథ చెప్పేటప్పుడు మనమంతా అలాగే చెబుతాం. ‘తాతగారు వచ్చారు’ అనే మర్యాద తరువాత నేర్పవచ్చు.)

నాలుగైదు రోజులు అదే కథ, అవే మాటలతో చెప్పండి. ఆపై ‘బాణం...’ అని ఆగండి. మిగిలినది బిడ్డ పూరించాలి. ‘శివుడు వచ్చాడా?’ అని అడిగితే తల ఊపి ఊరుకుంటాడు, ‘ఎవరు వచ్చారు?’ అనండి. కథలో లేని చోట, వీధిలో బండిని చూసి ‘బస్సు వచ్చింది’ అన్న రోజున ఆ రూపం పట్టుబడినట్లే.

ఉచ్చారణలో ఒక చిక్కున్నది. ఇంగ్లీషుకు అలవడిన నోట ‘తాత’ కాస్తా ‘టాటా’ అవుతుంది. నాలుక కొనను పై పళ్ల వెనుక ఆనించి పలికి చూపిస్తే చాలు.

ఈ కథలో ‘నేను’ లేదు. అందుకే కొన్నాళ్లకు బిడ్డనే శివుణ్ణి చేయండి, చేతికి ఒక పుల్ల ఇవ్వండి. ‘నేను వచ్చాను. బాణం వేశాను’ అని వాడే చెప్పాలి. ఆ తరువాత ఫోనులో అమ్మమ్మ ‘ఇవాళ ఏం చేశావు?’ అని అడిగితే, ‘బడికి వెళ్లాను, అన్నం తిన్నాను’ అనడానికి వానికి దారి దొరుకుతుంది.