మీకు తెలుసా? ఏడాది చదువుకు ఎన్ని పైసలు కావాలో!

ఏడిళ్లు దొరికితే ఏడాది తిండి ఖర్చు సున్నా! నమ్మరా? వారాలబ్బాయి లెక్క అదే మరి! సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. పొద్దంతా చదువు! ధర్మపురి లాంటి వేదం చదువుకునే ఊళ్లలో ఇలా గట్టెక్కినవాళ్లు ఎందరో. ఇప్పుడు అదే ధర్మపురి నుంచి ఉద్యోగం మానేసి, గ్రూప్స్‌కు చదవడానికి హైదరాబాద్ అశోక్‌నగర్ చేరితే వారాలు పెట్టేదెవరు? మీ పాసుబుక్కే!

నెలకు 5,000 రూపాయలు. రెండేళ్లు. అంతే! బ్యాంకు ఆర్‌డీలో 1,20,000 పోగవుతాయి. అంటే చదువుకునే ఏడాదిలో నెలకు 10,000. వడ్డీ 6.5 శాతం అనుకుంటే ఇంకో 8,000కు పైనే వస్తాయి. పుస్తకాలకు, దరఖాస్తు ఫీజులకు అవే! ఒక్క కిటుకు గుర్తుంచుకోండి. ఉద్యోగం మానేసే నెలకే ఆర్‌డీ గడువు తీరేలా చూసుకోవాలి.

పోస్టాఫీసు ఆర్‌డీ అయితే ఇంకో వింత! గడువు అయిదేళ్లు. మూడేళ్లు నిండాక మధ్యలో మూసేయొచ్చు. కానీ గడువుకు ఒక్కరోజు ముందు మూసినా సరే, ఆర్‌డీ వడ్డీ రాదు! మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే చేతికొస్తుంది! ఒక్కరోజుకు ఎంత నష్టమో చూశారా? మరీ అవసరమైతే మూసేయకండి. 12 వాయిదాలు కట్టి ఏడాది నిండితే, అందులో ఉన్నదాంట్లో సగం దాకా అప్పుగా ఇస్తారు.

చిట్టీ వేశారా? తొందరపడి పాడుకుంటే చిక్కే! 30 నెలల చిట్టీని పదో నెలలో ఎత్తుకున్నా, మిగతా 20 కిస్తీలు కట్టాల్సిందే. జీతం ఆగిపోయిన నెలల్లోనూ!

అయిదు రూపాయలకు అన్నం, పప్పు, కూర, పచ్చడి! హైదరాబాద్‌లో 2014 నుంచీ అదే ధర! అన్నపూర్ణ క్యాంటీన్లు అనేవాళ్లు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. నెలలో 25 మధ్యాహ్నాలు అక్కడే తింటే అయ్యేది 125 రూపాయలు! కానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. భోజనంతో కలిపి హాస్టల్‌కు కట్టేసి, మళ్లీ బయట తింటారు. ఒక్క పూటకు రెండు బిల్లులు! అందుకే ముందు అడగండి, గది ఒక్కటే ఇస్తారా అని.

ఆడపిల్లలైతే ఇంకా నయం! ధర్మపురి నుంచి హైదరాబాద్ దాకా బస్సు కిరాయి సున్నా! 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది కదా. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. సూపర్ లగ్జరీ ఎక్కారో, పర్సు తీయాల్సిందే!

డబ్బు ఎప్పుడు అయిపోతుందో నాలుగో నెలలోనే తెలిసిపోతుంది! ఎలాగంటారా? ఆ నెలాఖరుకు ఖాతాలో 80,000 ఉండాలి. 70,000 మాత్రమే ఉన్నాయా? నెలకు 12,500 ఖర్చవుతున్నట్టు! అదే తీరున పోతే పదో నెల దాటదు. చాయ్‌లు, జిరాక్సులు, కొత్త మెటీరియల్... చిల్లర ఖర్చులే, కానీ రెండు నెలల చదువును మింగేస్తాయి!

ఇక అసలైన ఆశ్చర్యం! గ్రూప్-2 అభ్యర్థుల ‘ఏడాది’ ఎన్ని నెలలైందో తెలుసా? దాదాపు 24! నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్ చివర్లో. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబర్ అన్నారు. ఆపై 2024 జనవరి, మళ్లీ ఆగస్టు! చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో! నోటిఫికేషన్ చూడగానే 2023 జనవరిలో ఉద్యోగం మానేసి, 1,20,000తో గది తీసుకున్నవాళ్ల సంగతి ఊహించండి. ఏడాది తిరిగేసరికి ఖాతా ఖాళీ. పరీక్ష ఇంకా పదకొండు నెలల పైచిలుకు దూరం! నన్నడిగితే, నోటిఫికేషన్‌ను చూసి రాజీనామా ఇవ్వకూడదు. జీతం వస్తుండగానే సిలబస్ ఒక చుట్టు చుట్టేయాలి.

మరి పరీక్ష తేదీ వెనక్కి జరిగితే? ఖాతాలో 30,000 మిగిలి ఉండగానే సంచి సర్దేయండి! అశోక్‌నగర్‌లో ఆ డబ్బు మూడు నెలలకే సరి. ధర్మపురిలో అమ్మ వంట తింటూ నెలకు 3,000తో సరిపెట్టుకుంటే? పది నెలలు! పాఠాలకు టీ-శాట్ ఉంది, పైసా అడగదు! అమ్మానాన్నలకు మాత్రం ముందే చెప్పి ఉంచండి. లేదంటే ఓడిపోయి వచ్చాడనుకుంటారు, పాపం!