పాత అంకెను చెరపని దిద్దుబాటు

పాతకాలపు తెలుగు పుస్తకాలు చాలావాటిలో చివర ఒక తప్పొప్పుల పట్టిక ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు వరుసలు. పుస్తకం అచ్చయిపోయింది కాబట్టి తప్పును చెరపడం సాధ్యం కాదు. దాన్ని ఉన్నచోటే ఉంచి, పక్కన ఒప్పు ఏమిటో చెప్పేవారు. కంప్యూటర్ వచ్చాక ఆ నిర్బంధం పోయింది. స్కాన్ చేసిన పాత పట్టికను ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో అంకెలుగా మార్చుకుని, ఎక్సెల్‌లో తెరిచి, తప్పుగా కనిపించిన గడి మీద సరైన అంకె కొట్టేస్తే సరిపోతుంది. మరుక్షణం పాత అంకె మాయమవుతుంది. ఆ గడిలో ఇప్పుడున్నది సాఫ్ట్‌వేర్ చదివిందో, మనిషి పుట చూసి దిద్దిందో, కూడిక కుదరాలని ఎవరో వేసిందో రెండేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. చేత్తో చేసిన ప్రతి దిద్దుబాటునూ పాత విలువతో, ఆధారంతో సహా విడిగా ఒక చిట్టాలో రాయాలనీ, తుది పట్టిక ఆ చిట్టాలోంచే పుట్టాలనీ నేననేది ఇందుకే.

1901 జనాభా లెక్కలనే తీసుకుందాం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ సంపుటాల్లో తాలూకాలవారీగా మొత్తం జనం, మగవారు, ఆడవారు అనే అంకెలున్నాయి. నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల చరిత్ర రాసేవారికి అవి కావాలి. పాత అచ్చులో 3, 8 అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. సిరా పలచబడితే 8 ఎడమ పక్క తెగి 3లా కనిపిస్తుంది. ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలతో చూద్దాం. ఒక తాలూకా వరుసలో ఓసీఆర్ ఇచ్చింది మగవారు 43,216, ఆడవారు 47,905, మొత్తం 96,121. మొదటి రెండూ కూడితే 91,121 వస్తుంది. తేడా సరిగ్గా 5,000. ఒకే స్థానంలో 5 తేడా వచ్చిందంటే 3, 8 తారుమారై ఉండొచ్చని ముందుగా అనుమానించాలి. అదే తేడా 9తో భాగించబడితే పక్కపక్క అంకెలు అటూఇటూ అయ్యాయేమో చూడాలి; లెక్కలు రాసేవారికి ఇది బాగా తెలిసిన కిటుకు. అయితే అనుమానం ఆధారం కాదు. పుట బొమ్మను పెద్దది చేసి చూస్తే అక్కడ 48,216 అని కనిపించింది. అప్పుడే దిద్దాలి. చిట్టాలో ఆ దిద్దుబాటు ఇలా ఉంటుంది:

```
id,col,old,new,kind,basis,who,date
p212-14,males,43216,48216,ocr,image,SR,2024-03-11
```

వీటిలో చాలామంది వదిలేసేవి రెండు: పాత విలువ ఉండే `old`, ఆధారం చెప్పే `basis`. ఆధారం ఎందుకో ఇంకో వరుస చూస్తే తెలుస్తుంది. మగవారు 31,470, ఆడవారు 30,862, మొత్తం 62,352 అని ఉంది. కూడితే 62,332. పుట బొమ్మ చూస్తే మూడు అంకెలూ స్పష్టంగా అలాగే అచ్చయి ఉన్నాయి. అంటే ఇది ఓసీఆర్ తప్పు కాదు, అచ్చులోనే ఉన్న తప్పు. మూడింటిలో ఏది తప్పో ఈ వరుస ఒక్కటే చూస్తే తేలదు. జిల్లా మొత్తం నుంచి మిగతా తాలూకాలను తీసివేసి చూడాలి. జిల్లా మొత్తానికి 62,332 సరిపోతే మొత్తం అనే అంకెలోనే అచ్చుతప్పు పడింది. 62,352 సరిపోతే మగవారి అంకెలోనో ఆడవారి అంకెలోనో 20 తగ్గింది. అది కూడా తేలకపోతే అంకెను ముట్టుకోకూడదు. `old`, `new` రెండింటిలోనూ 62352 అనే ఉంచి, `kind` దగ్గర `print` అని రాసి, కూడిక కుదరడం లేదని నమోదు చేయాలి. మార్చని గడి గురించి కూడా చిట్టాలో రాయడం వింతగా అనిపించొచ్చు. కానీ తర్వాత వచ్చే పరిశీలకుడికి ఇది చాలా అవసరం. కుదరని కూడిక కనబడగానే, మనం చూడకుండా వదిలేశామా, చూసి వదిలేశామా అన్నదే అతనికి వచ్చే ప్రశ్న.

ఆధారం రాయకపోతే జరిగే నష్టానికి ఈ జనాభా లెక్కల్లోనే ఒక నిజమైన ఉచ్చు ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి వెళ్లింది. ఆ తర్వాతి జనాభా నివేదికల్లో పాత సంవత్సరాల అంకెలను కొత్త సరిహద్దులకు సరిపెట్టి చూపిస్తారు. కాబట్టి 1901లో నెల్లూరు జిల్లా జనాభా అనే మాటకు 1901 సంపుటిలో ఒక అంకె, 1911 నాటి పట్టికలో మరో అంకె ఉంటాయి. రెండూ సరైనవే, వాటి వెనకున్న భూభాగాలే వేరు. శ్రద్ధగల ఒక సహాయకుడు 1901 అంకె మసకగా ఉందని 1911 పుస్తకం చూసి పూరిస్తే, ఆ అంకె చక్కగా, నమ్మదగినట్టే కనిపిస్తుంది. ఆధారం వరుసలో 1911 నివేదిక అని రాసి ఉంటే పరిశీలకుడు అక్కడే ఆగుతాడు. రాయకపోతే ఆ తప్పు పట్టుకోవడానికి మొత్తం పని మళ్లీ చేయాలి.

పాత విలువ ఎందుకు అంటే, చిట్టా చదువుకోవడానికే కాదు, తిరిగి నడపడానికి కూడా. ఓసీఆర్ ఇచ్చిన ఫైలును `raw.csv` అని భద్రపరిచి, దాన్ని ఎవరూ తెరిచి మార్చకుండా ఉంచాలి. దిద్దుబాట్లన్నీ `log.csv`లో ఉంటాయి. తుది పట్టికను చేత్తో తయారు చేయరు; ఈ రెండింటినీ కలిపి చిన్న ప్రోగ్రామే దాన్ని పుట్టిస్తుంది:

```python
import pandas as pd
o = dict(dtype=str, keep_default_na=False)
t = pd.read_csv("raw.csv", index_col="id", **o)
for r in pd.read_csv("log.csv", **o).itertuples():
    assert t.at[r.id, r.col] == r.old, r.id
    t.at[r.id, r.col] = r.new
t.to_csv("final.csv")
```

ఇందులో కీలకం `assert` ఉన్న గీత. చిట్టా చెప్పిన పాత విలువ, గడిలో ఉన్న విలువ ఒకటి కాకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. చిట్టాకెక్కిన గడిని మూల ఫైలులో ఎవరైనా మార్చినా, చిట్టాలో వరుస పేరు తప్పు రాసినా వెంటనే బయటపడుతుంది. గుర్తుగా ఎక్సెల్ చూపించే వరుస సంఖ్యను కాకుండా `p212-14` లాంటి పేరు, అంటే 212వ పుటలో 14వ వరుస అని పెట్టడం కూడా ఇందుకే. ఎవరో పట్టికను అక్షర క్రమంలో పేర్చగానే ఎక్సెల్ వరుస సంఖ్యలన్నీ మారిపోతాయి. అచ్చు పుటలోని స్థానం మాత్రం మారదు. అన్నింటినీ అక్షరాలుగానే చదవమని `dtype=str` చెబుతుంది. లేకపోతే ముందు సున్నా ఉన్న కోడ్‌లు ఆ సున్నాను పోగొట్టుకుంటాయి. 2011 జనాభా లెక్కల్లో హిమాచల్ ప్రదేశ్ కోడ్ 02. మామూలుగా ఎక్సెల్‌లో తెరిస్తే అది 2 అవుతుంది. మనిషి చేయని ఈ మార్పు ఏ చిట్టాలోనూ ఉండదు కాబట్టి అసలు జరగకుండా చూడటమే మార్గం. జన్యుశాస్త్రవేత్తలకు ఇదే ఇబ్బంది ఎంత ముదిరిందంటే, ఎక్సెల్ SEPT1 అనే జన్యువు పేరును సెప్టెంబరు తేదీగా మార్చేస్తుండటంతో చివరికి ఆ పేరునే SEPTIN1గా మార్చుకున్నారు.

క్లౌడ్‌లో ఉంచిన ఎక్సెల్ ఫైలులోనూ గూగుల్ షీట్స్‌లోనూ మార్పుల చరిత్ర దానంతటదే నమోదవుతుంది కదా, వేరే చిట్టా దేనికి అని అడగొచ్చు. ఆ చరిత్ర ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చెబుతుంది; ఎందుకు మార్చారో, ఏ పుట చూసి మార్చారో చెప్పదు. పైగా అది ఆ ఫైలును అంటిపెట్టుకుని ఉంటుంది. పట్టికను సీఎస్‌వీగా దించుకుని మరొకరికి పంపితే చరిత్ర వెనకే ఉండిపోతుంది. ఎక్సెల్‌లోని పాత ట్రాక్ చేంజెస్ పద్ధతి మామూలు అమరికలో 30 రోజుల చరిత్రనే దాచేది. దిద్దిన గడులకు పసుపు రంగు వేయడమూ అంతే. సీఎస్‌వీలో రంగు నిలవదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం శ్రమ. వేల గడులున్న పట్టికలో ప్రతి దిద్దుబాటుకూ చిట్టాలో ఎనిమిది గడులు నింపాలంటే పని సాగదు. ఇందులో నిజముంది. అందుకే ఒకే రకం తప్పులను విడివిడిగా రాయనక్కర్లేదు. సున్నా బదులు ఇంగ్లీషు అక్షరం O పడిన చోటల్లా సున్నా పెట్టడం, అంకెల మధ్య కామాలు తీసేయడం లాంటివి ప్రోగ్రాంలో ఒక నియమంగా పెట్టి, ఆ నియమం ఎన్ని గడులను తాకిందో ఒక్కచోట రాస్తే చాలు. మనిషి కన్ను పెట్టి తీర్పు చెప్పిన చోట్ల మాత్రం ఒక్కొక్కటీ రాయవలసిందే. అలాంటి చోట ఎక్కువ సమయం పుట తెరిచి వరుస వెతకడానికే పోతుంది. చూసింది రాయడానికి పట్టేది కొద్ది క్షణాలే. అప్పుడు రాయకపోతే మరొకరు అదే పుటను మళ్లీ తెరవాలి.

పెద్ద సంస్థలు కూడా తప్పును చెరపకుండా గుర్తు పెట్టడమే మేలని భావించాయి. ప్రపంచవ్యాప్తంగా వాతావరణ కేంద్రాల రోజువారీ కొలతలను చేర్చే అమెరికా ప్రభుత్వ సంకలనం జీహెచ్‌సీఎన్-డైలీలో, పరీక్షలో అనుమానాస్పదంగా తేలిన విలువను తీసేయరు. దాని పక్కనే ఒక అక్షరం పెడతారు. ఏ పరీక్షలో తప్పిందో ఆ అక్షరం చెబుతుంది. వాడుకునేవారు ఆ విలువను వదిలేయాలో ఉంచుకోవాలో తామే నిర్ణయించుకుంటారు.

మరి చిట్టాలోనే తప్పు ఉంటే? ఉంటుంది. చిట్టాలో ఒక దిద్దుబాటు తప్పని తర్వాత తేలితే ఆ వరుసను తీసేయకూడదు; దానికింద కొత్త వరుస రాసి మళ్లీ మార్చాలి. ఇక తుది పట్టికను ఎవరైనా చాటుగా దిద్దారేమో తెలుసుకోవాలంటే, మూల ఫైలునూ తుది ఫైలునూ గడి గడీ పోల్చాలి. తేడా ఉన్న ప్రతి గడికీ చిట్టాలో వరుస గానీ, దాన్ని తాకిన నియమం గానీ ఉండాలి. విలువ మార్చిన ప్రతి చిట్టా వరుసకూ, తర్వాతి వరుస దాన్ని వెనక్కి మార్చి ఉంటే తప్ప, పట్టికలో తేడా కనబడాలి. రెండువైపులా సరిపోతే దిద్దుబాట్లేవీ దాగి లేవని తేలినట్టే. దిద్దుబాట్లు సరైనవని మాత్రం తేలదు. అందుకు పరిశీలకుడు పుటలు తెరవాల్సిందే. కానీ ఇప్పుడు ఎక్కడ తెరవాలో అతనికి తెలుసు: ఆధారం దగ్గర `image` అని లేకుండా కూడిక కుదిరింది అని మాత్రమే ఉన్న వరుసలు ముందు చూస్తాడు. ఒకే పుటలో దిద్దుబాట్లు గుంపుగా కనిపిస్తే ఆ పుట స్కానే బాగా లేదని గ్రహించి, దిద్దని గడులను కూడా చదువుతాడు.

చిట్టా చెప్పలేనిది కూడా ఒకటుంది, దాన్ని తప్పుగా చదివే ప్రమాదం ఎక్కువ. మగవారు, ఆడవారు, మొత్తం అనే వరుసల్లో ఎన్నో దిద్దుబాట్లుండి, చదరపు మైళ్ల విస్తీర్ణం వరుసలో ఒక్కటీ లేకపోతే, విస్తీర్ణం శుభ్రంగా ఉందనిపిస్తుంది. నిజానికి జనాభా వరుసలకు ప్రతి అడ్డువరుసలోనూ కూడిక కాపలా ఉంది. విస్తీర్ణానికి అది లేదు. అక్కడ 3, 8 తారుమారైనా ఏ లెక్కా తప్పదు, కాబట్టి ఎవరి కంటా పడదు. అలాంటి వరుసను పట్టికలో ఉన్న జనసాంద్రతతో, అది లేకపోతే జిల్లా విస్తీర్ణపు మొత్తంతో సరిచూడాలి. అదీ లేకపోతే ఆ వరుస మొత్తాన్ని ఇద్దరు విడివిడిగా టైపు చేసి, ఇద్దరికీ తేడా వచ్చిన గడులను పుటతో పోల్చాలి. అప్పుడు చిట్టాలో ఆధారం దగ్గర `double` అని వస్తుంది, ఆ వరుసను కూడా ఎవరో చూశారని తెలుస్తుంది.