ఆఖరి స్ప్రింక్లర్ నుంచి మొదలయ్యే లెక్క

గోడౌన్‌లో మంట లేస్తే స్ప్రింక్లర్లన్నీ ఒక్కసారే కురుస్తాయన్నది సినిమాలు నేర్పిన పాఠం. నిజానికి వేడి తగిలినవే తెరుచుకుంటాయి. పైపుల్లో నీళ్లు సాధారణంగా నిండే ఉంటాయి కాబట్టి ఆలస్యం ఉండదు. అందుకే ఇంజినీరు మొత్తం గోడౌన్‌కు లెక్క వేయడు. పంపు నీళ్లు అందడం అన్నిటికంటే కష్టమైన మూలను ఎంచుకుని, అక్కణ్నుంచి వెనక్కి నడుస్తాడు.

30 అడుగుల కప్పు, కింద 25 అడుగుల దాకా ర్యాకుల్లో అట్టపెట్టెల సరుకు ఉందనుకుందాం. ఇక్కడ ఎక్కువ నీటితో మంటను మొదట్లోనే నొక్కేసే ఈఎస్‌ఎఫ్‌ఆర్ రకం స్ప్రింక్లర్లు పెడతారు. ఒక్కో వరుసలో నాలుగు చొప్పున మూడు వరుసల్లో పన్నెండు తెరుచుకుంటాయని అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 అనుకుంటుంది. ఆ పన్నెండిట్లో చివరిదానికి కూడా సుమారు 3.5 బార్ల ఒత్తిడి ఉండాలి.

ఎంత నీరు వస్తుందో ఈ సూత్రం చెబుతుంది:

Q = K√P

K విలువ 200 అయితే చివరి స్ప్రింక్లర్ నిమిషానికి 374 లీటర్లు చిమ్ముతుంది. అక్కణ్నుంచి పంపు వైపు మూడు మీటర్లు వెనక్కి వస్తే, 50 మిల్లీమీటర్ల పైపులో రాపిడికి పోయేది 0.06 బార్ మాత్రమే. ఇంకో మూడు మీటర్లు వస్తే ఆ పైపు రెండు స్ప్రింక్లర్ల నీటిని మోస్తుంది. నీరు రెట్టింపైనా నష్టం దాదాపు మూడున్నర రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాతి ముక్కలో అర బార్ దాకా పోతుంది. అందుకే నాలుగో స్ప్రింక్లర్ దగ్గర ఒత్తిడి 4.28 బార్లు కావాలి. అది అడక్కుండానే 414 లీటర్లు వదిలేస్తుంది. 374ను పన్నెండుతో గుణించి ఊరుకునేవాళ్లు తప్పేది ఇక్కడే: దగ్గరి స్ప్రింక్లర్లు ఎప్పుడూ ఎక్కువ తాగేస్తాయి. పైపును 65 మిల్లీమీటర్లకు మారిస్తే అదే ప్రవాహానికి నష్టం సగానికన్నా తగ్గుతుంది. పైపు ఖర్చు, పంపు ఖర్చు మధ్య బేరం అక్కడే తేలుతుంది.

పన్నెండూ కలిపి నిమిషానికి సుమారు 4,700 లీటర్లు. అగ్నిమాపక సిబ్బంది గొట్టాలకు మరో 950. గంటసేపు నిలవాలంటే ట్యాంకులో దాదాపు 3.4 లక్షల లీటర్లుండాలి. నీటిని 30 అడుగులు ఎత్తడానికే 0.9 బార్ పోతుంది. ఆపై పెద్ద పైపులు, వాల్వుల్లో పోయేది కూడా కలిపితే పంపు ఒత్తిడి తేలుతుంది.

ఈ అంకెలన్నీ రైజర్ దగ్గర బిగించిన పలకపై ఉంటాయి. అద్దెదారు మారి, అట్టపెట్టెల చోటికి ఏరోసోల్ డబ్బాలు వస్తే పలక మారదు, మంట మారుతుంది. 1982లో పెన్సిల్వేనియాలోని కేమార్ట్ పంపిణీ కేంద్రంలో పేలి ఎగిరిన ఆ డబ్బాల ముందు స్ప్రింక్లర్లు నిలవలేకపోయాయి. సరుకు అదే అయినా ఎత్తు పెరిగితే చాలు, లెక్క చెల్లదు. 35 అడుగుల కప్పు కింద 30 అడుగుల సరుకు పేర్చాలంటే అదే స్ప్రింక్లర్‌కు 3.5 బదులు 5.2 బార్లు కావాలి. అప్పుడు చివరిదొక్కటే నిమిషానికి 456 లీటర్లు అడుగుతుంది. పాత పంపు, పాత ట్యాంకు దానికి చాలవు.